కంటింజెంట్ కాంట్రాక్టా, పందెమా? పరీక్షలో ఎలా తేల్చాలి, ఎలా రాయాలి

కాంట్రాక్ట్స్ పేపర్లో ఈ ప్రశ్న రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి నేరుగా, 'కంటింజెంట్ కాంట్రాక్టుకు, వేజరింగ్ అగ్రిమెంటుకు తేడా రాయండి' అని. రెండోది ప్రాబ్లం రూపంలో, ఒక కథ చెప్పి 'ఎవరికి ఏ హక్కు ఉంది' అని. మొదటిదానికి అందరూ ఒక పట్టిక గీసి ఎనిమిది తేడాలు రాసేస్తారు. నేనూ ఫస్టియర్‌లో అదే చేశాను. అత్తెసరు మార్కులు వచ్చాయి. పట్టికలో తప్పేమీ లేదు. కానీ ఆ ఎనిమిదిలో ఐదు ఒకే మాటను అటూ ఇటూ తిప్పి చెప్పినవి, మిగతా మూడు ఎందుకు నిజమో నాకే తెలియదు.

అందుకే ఇక్కడ పట్టిక ఇవ్వడం లేదు. ఒక ప్రాబ్లం తీసుకుని దాన్ని అడుగు అడుగుగా విప్పుదాం. అది విప్పడం వస్తే తేడాల ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది.

ప్రాబ్లం ఇది. విశాఖపట్నంలో ఆదివారం ఒక వన్డే మ్యాచ్ ఉంది. రవి బిర్యానీ ప్యాకెట్లు సప్లై చేసే క్యాటరింగ్ వ్యాపారి. స్టేడియంలో స్టాళ్లు పాడుకున్న కిశోర్‌తో ఆయన ఒక ఒప్పందం చేసుకున్నాడు: ఆదివారం మ్యాచ్ మొదలైతే రవి 2,000 ప్యాకెట్లు ఇవ్వాలి, ప్యాకెట్‌కు 120 రూపాయల చొప్పున కిశోర్ చెల్లించాలి. అడ్వాన్సుగా కిశోర్ 40,000 ఇచ్చాడు. శనివారం రాత్రి రవి స్నేహితులు సతీష్, వాసు ఇంకో మాట అనుకున్నారు: వాన వల్ల మ్యాచ్ రద్దయితే వాసు సతీష్‌కు 10,000 ఇవ్వాలి, మ్యాచ్ జరిగితే సతీష్ వాసుకు 10,000 ఇవ్వాలి. అదే రాత్రి రవి కూడా వాసుతో మాట్లాడుకున్నాడు: మ్యాచ్ రద్దయితే వాసు రవికి 50,000 ఇవ్వాలి, జరిగితే రవి వాసుకు 8,000 ఇవ్వాలి. ఆదివారం పొద్దున్నుంచి ఒకటే వాన. ఒక్క బంతి కూడా పడకుండా మ్యాచ్ రద్దయింది. ఇప్పుడు ఎవరు ఎవరిని ఏమడగొచ్చు?

మూడు ఒప్పందాలూ ఒకే వాన మీద ఆధారపడ్డాయని చూడండి. కాబట్టి 'భవిష్యత్తులో జరిగే అనిశ్చిత ఘటన మీద ఆధారపడితే పందెం' అనే సూత్రంతో ఇక్కడ పని జరగదు. తేడా ఘటనలో లేదు. ఘటన కింద ఏముంది అన్నదాంట్లో ఉంది.

మొదటి అడుగు: మాటను, ఘటనను విడదీయండి

ఏ ప్రాబ్లం ఇచ్చినా రఫ్ పేజీలో రెండు వాక్యాలు రాసుకోండి. 'ఎవరు ఏం చేస్తానన్నారు?' అన్నది మొదటిది. 'ఏం జరిగితే చేస్తానన్నారు?' అన్నది రెండోది. రవి, కిశోర్‌ల ఒప్పందంలో మాట ఏమిటంటే ప్యాకెట్లు ఇవ్వడం, డబ్బు ఇవ్వడం. ఘటన ఏమిటంటే మ్యాచ్ మొదలవడం.

ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872లో 31వ సెక్షన్ చెప్పేది ఇదే. ఒక కాంట్రాక్టుకు అనుబంధంగా ఉన్న ఏదైనా ఘటన జరిగితేనో, జరగకపోతేనో ఒక పని చేస్తాననో, చేయననో చేసుకున్న కాంట్రాక్టే కంటింజెంట్ కాంట్రాక్ట్. ఇంగ్లీషు మీడియంలో 'కొలేటరల్' అనే మాటను తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఆ సెక్షన్ ప్రాణం ఆ మాటలోనే ఉంది. తెలుగు మీడియంలో 'కంటింజెంట్'ను ఒక్కో పుస్తకం ఒక్కోలా అనువదించింది. దిద్దేవాళ్లు ఏ పుస్తకం చదివారో మనకు తెలియదు. అందుకే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసి, పక్కన సెక్షన్ నంబర్ వేస్తే ఏ గొడవా ఉండదు.

కొలేటరల్ అంటే ఏమిటి? ఆ ఘటన ఇరువురూ ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలో భాగం కాకూడదు. 'నువ్వు నా ఇంటికి సున్నం వేస్తే 15,000 ఇస్తాను' అన్నారనుకోండి. ఇందులో 'అయితే' ఉంది, కానీ కంటింజెంట్ కాదు. సున్నం వేయడమే ఆ డబ్బుకు ప్రతిఫలం. ఘటన కాంట్రాక్టు లోపలే ఉంది. మ్యాచ్ సంగతి అలా కాదు. దాన్ని రవీ ఆడించడు, కిశోరూ ఆడించడు. అది బయటినుంచి వచ్చే సంగతి, బిర్యానీ బేరం దానికి తగిలించి ఉంది. అలాగే ఘటన పూర్తిగా మాట ఇచ్చినవాడి ఇష్టమే అయితే, అంటే 'నాకు బుద్ధి పుడితే ఇస్తాను' లాంటిదైతే, అసలు అక్కడ మాటే లేదు.

రెండో అడుగు: ఘటనను తీసేసి చూడండి

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఇది. ఆ 'అయితే'ను చెరిపేసి, కింద ఏమైనా మిగిలిందా అని చూడండి. రవి, కిశోర్‌ల మధ్య మ్యాచ్ మాట తీసేస్తే 2,000 ప్యాకెట్ల బేరం మిగులుతుంది. అది నిఖార్సైన వ్యాపారం. వాన దాన్ని ఆపగలదు, కానీ పుట్టించలేదు. సతీష్, వాసుల మధ్య వాన మాట తీసేయండి. ఏమీ మిగలదు. పదివేలు ఎందుకు చేతులు మారుతున్నాయో చెప్పడానికి వాన తప్ప వేరే కారణం లేదు.

పుస్తకాల్లో 'కంటింజెంట్ కాంట్రాక్టులో ఘటన అనుబంధమైనది, పందెంలో ఘటనే ఏకైక నిర్ణయాంశం' అని రాసేది ఈ మాటే. ఆ వాక్యాన్ని బట్టీపట్టి రాసి వదిలేయకండి. కింద మిగిలిన బేరాన్ని చూపించి రాయండి.

ఈ పరీక్ష ఒక్కటే అన్నిచోట్లా చాలదు. రవి, వాసుల మూడో ఒప్పందం దగ్గర ఇది తడబడుతుంది. అక్కడా ఘటన తీసేస్తే బేరమేదీ కనిపించదు. దానికోసం తర్వాతి రెండు అడుగులు కావాలి.

మూడో అడుగు: ఇద్దరికీ గెలుపూ ఓటమీ ఉన్నాయా?

30వ సెక్షన్ పందెపు ఒప్పందాలు వాయిడ్ అంటుంది కానీ పందెమంటే ఏమిటో చెప్పదు. అందుకే కోర్టులు ఇంగ్లండులో 1892లో కార్లిల్ వర్సెస్ కార్బాలిక్ స్మోక్ బాల్ కేసులో హాకిన్స్ అనే జడ్జి ఇచ్చిన నిర్వచనం మీద ఆధారపడతాయి. ఆఫర్ చాప్టర్‌లో మీరు చదివిన స్మోక్ బాల్ కేసు ఇదే. అప్పీలుకు వెళ్లకముందు కింది కోర్టులో కంపెనీ 'ఇది పందెం' అనే వాదన కూడా తెచ్చింది. ఆ నిర్వచనం సారం ఇది: ఒక అనిశ్చిత ఘటన గురించి ఇద్దరు ఎదురెదురు అభిప్రాయాలతో ఉండాలి. అది తేలినదాన్ని బట్టి ఒకరు గెలవాలి, రెండోవారు ఇవ్వాలి. గెలిచే, ఓడే ఆ సొమ్ము తప్ప ఆ ఒప్పందంలో ఇద్దరిలో ఎవరికీ వేరే ప్రయోజనం ఉండకూడదు. ఒకరు గెలవగలిగి ఓడలేకపోయినా, ఓడగలిగి గెలవలేకపోయినా అది పందెం కాదు.

స్మోక్ బాల్ కేసులో కార్లిల్ ఓడిపోయే అవకాశమే లేదు. జ్వరం వస్తే ఆమెకు వంద పౌండ్లు వస్తాయి, రాకపోతే కంపెనీకి ఆమె ఇవ్వాల్సిందేమీ లేదు. అందుకే పందెం కాదన్నారు.

మన దేశంలో దీనికి సరైన ఉదాహరణ 1931లో బొంబాయి హైకోర్టు తీర్పు, బాబాసాహెబ్ వర్సెస్ రాజారాం. ఇద్దరు మల్లయోధులు కుస్తీకి ఒప్పుకున్నారు. ఆ రోజు రానివాడు 500 రూపాయలు కట్టాలి. గెలిచినవాడికి టికెట్ల మీద వచ్చిన డబ్బులోంచి 1,125 ఇస్తారు. ఒకాయన రాలేదు. రెండోవాడు 500 కోసం దావా వేశాడు. ఇది పందెమని ప్రతివాది వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. గెలిచినవాడి సొమ్ము ప్రేక్షకుల టికెట్ల నుంచి వస్తోంది తప్ప ఓడినవాడి జేబులోంచి కాదు. కుస్తీ ఫలితం వల్ల ఇద్దరిలో ఎవరికీ చేతి డబ్బు పోదు. 500 అనేది రానందుకు కట్టేది, ఓడినందుకు కాదు.

కాబట్టి ప్రాబ్లంలో డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. సతీష్, వాసుల్లో ఒకడి పదివేలు రెండోవాడి జేబులోంచే వస్తాయి. అడుగు పూర్తయింది. రవి, వాసుల్లో కూడా అంతే: రద్దయితే వాసు 50,000 ఇస్తాడు, జరిగితే రవి 8,000 ఇస్తాడు. మొత్తాలు సమానంగా లేకపోయినా ఇద్దరికీ గెలుపోటములు ఉన్నాయి. చాలామంది ఇక్కడే ఆగి 'మూడోదీ పందెమే' అని రాసేస్తారు. అది తొందరపాటు.

నాలుగో అడుగు: ఆ డబ్బు తప్ప వేరే ప్రయోజనం ఎవరికైనా ఉందా?

ఈ చాప్టర్ మొత్తానికి గుండెకాయ ఇదే. ఇక్కడ ఎక్కువ సేపు ఉండండి.

31వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ ఒకసారి గుర్తు చేసుకోండి: బి ఇల్లు కాలిపోతే బి కి 10,000 ఇస్తానని ఏ ఒప్పుకున్నాడు. అది కంటింజెంట్ కాంట్రాక్ట్ అని చట్టమే అంటోంది. అంటే అగ్ని బీమా. ఇప్పుడు ఇల్లు బి ది కాదనుకోండి, వీధి చివర ఎవరిదో ఇల్లు. అది కాలితే బి కి డబ్బు, కాలకపోతే ఏ కి డబ్బు అనుకున్నారు. మాటలు అవే, ఘటన అదే, కానీ ఇప్పుడది పందెం. మారింది ఒక్కటే: ఇల్లు కాలడం వల్ల బి కి నష్టం ఉందా, లేదా. బీమా భాషలో దీన్ని ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు.

1898లో బొంబాయిలో అలమాయి కేసులో ఇదే తేలింది. తన దగ్గర పనిచేసే గుమాస్తా భార్య ప్రాణం మీద ఒకాయన పాలసీ తీసుకున్నాడు. ఆమె బతికినా చనిపోయినా ఆయనకు చట్టం గుర్తించే ప్రయోజనం ఏదీ లేదు. అందుకని ఆ పాలసీ పందెమే అన్నారు. పాలసీ అని పేరు పెట్టినంతమాత్రాన బీమా అయిపోదు.

ఇప్పుడు రవి దగ్గరికి వద్దాం. మ్యాచ్ రద్దయితే ఆయనకు నిజమైన నష్టం ఉంది. చికెన్ కొన్నాడు, బియ్యం నానబెట్టాడు, మనుషులకు కూలీ మాట్లాడాడు. వాసుతో ఒప్పందం లేకపోయినా వాన పడితే ఆయన బాధపడతాడు. నేను పరీక్షలో వాడే ప్రశ్న ఇదే: ఈ ఒప్పందం చేసుకోకముందే ఆ ఘటన ఇతనికి ముఖ్యమా? రవికి ముఖ్యం. సతీష్‌కు, వాసుకు పందెం కాశాకే ముఖ్యమైంది. హాకిన్స్ నిర్వచనంలో 'ఇద్దరిలో ఎవరికీ' వేరే ప్రయోజనం ఉండకూడదని ఉంది. రవి ఒక్కడికి ఉన్నా పందెం లక్షణం పోతుంది. బీమా కంపెనీకి మాత్రం మీ ఇంటి మీద ఏం ప్రయోజనం ఉంది? ప్రీమియం తప్ప ఏమీ లేదు. అయినా బీమా పందెం కాదు, ఎందుకంటే మీకు ఉంది.

అయితే ఒక హద్దు ఉంది. రవికి పోయేది సుమారు 50,000 అయితే ఈ వాదన గట్టిగా నిలబడుతుంది. ఆయనకు పోయేది ఐదువేలే అయ్యుండి, వాసు ఐదు లక్షలు ఇస్తానన్నాడనుకోండి. అప్పుడు నష్టం పేరు చెప్పి పందెం కాసినట్టే కనిపిస్తుంది. జవాబులో ఈ మాట ఒక వాక్యంలో రాస్తే దిద్దేవాళ్లకు మీరు సూత్రాన్ని గుడ్డిగా వాడలేదని తెలుస్తుంది. ప్రాబ్లంలో నష్టం ఎంతో చెప్పకపోతే, 'రవి నష్టం 50,000కు దగ్గరగా ఉందనుకుంటే' అని మీరే షరతు పెట్టి రాయండి. (వాసు ఇలా ఊరంతా చేస్తే లైసెన్సు లేకుండా బీమా వ్యాపారం చేసినట్టు అవుతుంది. అది వేరే చట్టం గొడవ. కాంట్రాక్ట్స్ పేపర్లో దాని జోలికి పోకండి.)

బీమా గురించి ఇంకొక్క మాట. కొందరు దీన్ని 124వ సెక్షన్ కింద ఇండెమ్నిటీ అని రాస్తారు. మన 124వ సెక్షన్ మనిషి ప్రవర్తన వల్ల కలిగే నష్టం గురించి మాత్రమే మాట్లాడుతుంది. నిప్పు, వాన, తుపాను దాంట్లోకి రావు. అవి 31లోకి వస్తాయి.

ఐదో అడుగు: కాగితం వెనక ఉద్దేశం

పత్తి, మిర్చి, బంగారం ధరల మీద ప్రాబ్లం వస్తే ఈ అడుగు వేయాలి. లేకపోతే దాటేయొచ్చు. కాగితం మీద 'వెయ్యి బస్తాలు మార్చిలో ఇస్తాను' అని ఉంటుంది, కానీ ఇద్దరికీ బస్తాలు ఇచ్చే, పుచ్చుకునే ఉద్దేశమే ఉండదు. మార్చిలో ధర ఎంతుంటే ఆ తేడా మాత్రం ఇచ్చేసుకుంటారు. 1901లో ప్రివీ కౌన్సిల్ ముందుకు రంగూన్ బియ్యం వ్యాపారుల కేసు వచ్చింది, కాంగ్ యీ లోన్ వర్సెస్ లౌజీ నాంజీ. అక్కడ బేరాల పరిమాణం వాళ్ల స్తోమతకు ఏమాత్రం పొంతన లేకుండా ఉంది. సరుకు చేతులు మారే ఉద్దేశం లేదని, ఇది పందెమని తేల్చారు.

ఒకరికే ఆ ఉద్దేశం ఉంటే చాలదు, ఇద్దరికీ ఉండాలి. గుంటూరు యార్డులో మిర్చి కొన్న వ్యాపారి ధర పెరుగుతుందని ఆశపడి కొన్నాడనుకోండి. అది స్పెక్యులేషన్, పందెం కాదు. రైతు నిజంగానే సరుకు ఇస్తాడు. స్టాక్ ఎక్స్ఛేంజీలో ట్రేడయ్యే డెరివేటివ్స్ గురించి అడిగితే, సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్ యాక్ట్, 1956లో 18-ఏ సెక్షన్ వాటిని చెల్లేవిగా చేసిందని ఒక్క వాక్యం రాయండి.

ఆరో అడుగు: ఫలితం చెప్పండి

ఇక్కడివరకు వచ్చాక పేర్లు పెట్టొచ్చు. మొదటిది కంటింజెంట్. రెండోది పందెం. మూడోది, పైన చెప్పిన షరతుతో, కంటింజెంట్. ఇప్పుడు డబ్బు సంగతి.

రవి, కిశోర్: 32వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగేదాకా కంటింజెంట్ కాంట్రాక్టును అమలు చేయించలేం. జరగడం అసాధ్యమైతే అది వాయిడ్ అవుతుంది. ఇక్కడ ఆదివారం అనే గడువు కూడా ఉంది కాబట్టి 35వ సెక్షన్ చేర్చండి: చెప్పిన గడువులోగా ఘటన జరగకపోతే వాయిడ్. కాబట్టి రవి 2,40,000 అడగలేడు, కిశోర్ ప్యాకెట్లు అడగలేడు. మరి అడ్వాన్సు? కాంట్రాక్టు వాయిడ్ అయినప్పుడు దాని కింద పొందిన లాభాన్ని వెనక్కివ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. 40,000 కిశోర్‌కు తిరిగి రావాలి. ఈ 65ను చాలామంది మర్చిపోతారు. దానికి విడిగా మార్కులు ఉంటాయి.

ఇక్కడే ఒక చిన్న మెలిక. ఒప్పందంలో 'మ్యాచ్ మొదలైతే' అని ఉంది. ఐదు ఓవర్లు ఆడాక వాన వచ్చి ఆగిపోయి ఉంటే? అప్పుడు ఘటన జరిగిపోయింది. కిశోర్ స్టాళ్ల దగ్గర ఈగలు తోలుకున్నా సరే, ప్యాకెట్లు తీసుకుని డబ్బు కట్టాల్సిందే. 'మ్యాచ్ పూర్తయితే' అని ఉంటే జవాబు తలకిందులు. ఘటనను ప్రశ్నలో వాడిన మాటల్లోనే రఫ్ పేజీలో రాసుకోమన్నది అందుకే.

మిగతా సెక్షన్లను ఒక్కో వాక్యంలో గుర్తుంచుకుంటే చాలు. 33: ఘటన జరగకపోవడం మీద ఆధారపడితే, జరగడం అసాధ్యమైనప్పుడు అమలవుతుంది, ఓడ మునిగిపోయిన ఉదాహరణలా. 34: ఒక మనిషి చేయాల్సిన పనిని అతనే చేయలేని స్థితి తెచ్చుకుంటే అది అసాధ్యమైనట్టు లెక్క. సి ని బి పెళ్లాడితే డబ్బిస్తానన్నాక సి వేరేవాళ్లను పెళ్లాడితే, రేపు ఆ భర్త చనిపోవచ్చు కదా అని చట్టం ఎదురుచూడదు. 36: మొదటినుంచీ అసాధ్యమైన ఘటన అయితే మొదటినుంచీ వాయిడ్, ఇద్దరికీ ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా.

సతీష్, వాసు: 30వ సెక్షన్. ఒప్పందం వాయిడ్, గెలిచిన డబ్బు కోసం దావా నడవదు. సతీష్ గెలిచాడు, కానీ కోర్టుకు వెళ్లలేడు. వాసు మర్యాదకు పోయి ఇచ్చేస్తే మాత్రం తర్వాత దావా వేసి వెనక్కి రాబట్టుకోలేడు. పందెం సొమ్మును ఇద్దరూ మధ్యవర్తి దగ్గర పెట్టారనుకోండి. గెలిచినవాడు మధ్యవర్తి మీద దావా వేయలేడు. కానీ ఆ డబ్బు గెలిచినవాడి చేతికి వెళ్లకముందే, పెట్టినవాడు తన వాటాను వెనక్కి అడగొచ్చు.

రవి, వాసు: వాసు 50,000 కట్టాలి.

'ప్రతి పందెమూ కంటింజెంటే, ప్రతి కంటింజెంట్ కాంట్రాక్టూ పందెం కాదు' అని పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. అందరూ దాన్ని రాస్తారు. కొంచెం జాగ్రత్తగా రాయండి. పందెం స్వభావంలో కంటింజెంట్ అయినదే, నిజమే. కానీ 31వ సెక్షన్ 'కాంట్రాక్ట్' అనే మాట వాడింది. 2(హెచ్) ప్రకారం చట్టం అమలుచేసే అగ్రిమెంటే కాంట్రాక్ట్. 30వ సెక్షన్ పందెం విషయంలో 'అగ్రిమెంట్' అనే మాట వాడింది. పుట్టినప్పుడే వాయిడ్ అయిన పందెం కాంట్రాక్టే కాలేదు, కాబట్టి కచ్చితంగా మాట్లాడితే అది కంటింజెంట్ కాంట్రాక్ట్ కూడా కాలేదు. కంటింజెంట్ కాంట్రాక్టు మాత్రం పుట్టినప్పుడు చెల్లుతుంది, ఘటన అసాధ్యమైతే తర్వాత వాయిడ్ అవుతుంది. 65వ సెక్షన్ అడ్వాన్సును వెనక్కి తెచ్చేది ఈ కారణంగానే. నా లెక్కలో ఈ పేరా ఒక్కటి చక్కగా రాస్తే తేడాల పట్టిక అక్కర్లేదు.

ఏడో అడుగు: పందెం చుట్టూ అల్లుకున్న ఒప్పందాలు

ప్రశ్నలో పందెం కాసిన ఇద్దరే కాకుండా మూడో మనిషి కనిపిస్తే, అప్పు ఇచ్చినవాడో, పార్ట్‌నరో, ఏజెంటో ఉంటే, ఈ అడుగు తప్పనిసరి. ఇక్కడ రాయాల్సిన కేసు ఘేరులాల్ పరఖ్ వర్సెస్ మహాదేవదాస్, సుప్రీంకోర్టు, 1959. తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి చీఫ్ జస్టిస్ ఆయనే.

కథ ఇది. ఇద్దరు భాగస్వాములు హాపూర్‌లోని రెండు ఫర్మ్‌లతో పందెపు బేరాలు చేయడానికి పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నారు. లాభనష్టాలు చెరిసగం. నష్టం వచ్చింది. ఒకాయన హాపూర్ వాళ్లకు మొత్తం కట్టేసి, రెండోవాడిని సగం అడిగాడు. 'పందెం కదా, నేనివ్వను' అన్నాడు రెండోవాడు. సుప్రీంకోర్టు చెప్పింది: పందెం వాయిడ్, అంతే. అది చట్టం నిషేధించిన పని కాదు. 23వ సెక్షన్ కింద అక్రమమూ కాదు, అనైతికమూ కాదు. కాబట్టి దాని పక్కన నిలబడ్డ పార్ట్‌నర్‌షిప్ చెల్లుతుంది, సగం ఇవ్వాల్సిందే.

అందువల్ల శనివారం రాత్రి సతీష్ పందేనికని మూడో స్నేహితుడి దగ్గర పదివేలు అప్పు తీసుకుని ఉంటే, ఆ అప్పు తీర్చాలి. అప్పిచ్చినవాడికి పందెం సంగతి తెలిసినా సరే. ఒకప్పటి బొంబాయి ప్రాంతంలో మాత్రం 1865 నాటి చట్టం వల్ల ఇలాంటి పక్క ఒప్పందాలు కూడా వాయిడ్. ప్రశ్నలో 'ముంబయిలో' అని ఉంటే అది ఊరికే పెట్టింది కాదు.

ఇప్పుడు అదే అప్పు సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందెంలో పెట్టడానికి ఇచ్చారనుకోండి. జవాబు మారిపోతుంది. ఇది పందెం కావడమే కాదు. కోళ్లను పోట్లాటకు దించడం జంతుహింస నిరోధక చట్టం, 1960 కింద నేరం. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ యాక్ట్, 1974 కూడా దీనికి వర్తిస్తుంది. అంటే ఇది ఉత్తి వాయిడ్ కాదు, 23వ సెక్షన్ కింద ఉద్దేశమే అక్రమం. ఆ ఉద్దేశం తెలిసి ఇచ్చిన అప్పు కూడా మునిగిపోతుంది. వాయిడ్‌కు, ఇల్లీగల్‌కు తేడా అడిగితే నేను వానపందెం, కోడిపందెం ఈ రెండే పక్కపక్కన పెడతాను.

గుర్రప్పందెం మినహాయింపును కూడా తప్పు అర్థం చేసుకుంటారు. 30వ సెక్షన్ మినహాయించింది గుర్రాల మీద డబ్బు కాయడాన్ని కాదు. 500 రూపాయలు, అంతకంటే ఎక్కువ విలువైన బహుమతికి చందా ఇస్తామన్న ఒప్పందాన్ని, అదీ రేసు గెలిచినవారికి ఇచ్చే బహుమతిని మాత్రమే.

చివరిగా, జవాబు రాసే వరుస

పది మార్కుల ప్రాబ్లంకు నేను ఇలా రాస్తాను. మొదటి పేరాలో 'ఇక్కడ మూడు ఒప్పందాలు ఉన్నాయి, మూడూ ఒకే ఘటన మీద ఆధారపడ్డాయి' అని విడదీస్తాను. రెండో పేరాలో 31, 30 సెక్షన్లు, హాకిన్స్ నిర్వచనంలోని మూడు ముక్కలు. తర్వాత ఒక్కో ఒప్పందానికి ఒక పేరా: ఏ అడుగు దగ్గర తేలిందో చెప్పి, కేసు ఒకటి వేసి, వెంటనే డబ్బు ఎవరికి వెళ్తుందో రాస్తాను. సూత్రాలన్నీ ముందు రాసేసి, అన్వయం చివర్లో రెండు లైన్లలో తోసేయకండి. టైం అయిపోయేది ఎప్పుడూ అన్వయం దగ్గరే.

మీరే చేసుకోవడానికి ఇదే ప్రాబ్లంకు ఒక కొనసాగింపు. సోమవారం సతీష్ గొడవపడితే, వాసు పదివేలకు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. నెల తర్వాత కట్టలేదు. సతీష్ 'నేను అడిగేది పందెం డబ్బు కాదు, నోటు డబ్బు' అని దావా వేశాడు. ఘేరులాల్ పేరు రాయాలనిపిస్తుంది, ఎందుకంటే నోటు వేరే కాగితం. కానీ ఇక్కడ మూడో మనిషి లేడు. ఆ నోటుకు ప్రతిఫలం వెతికితే ఆ వానపందెం తప్ప ఇంకేమీ దొరకదు. వాయిడ్ అయిన పందెం ప్రతిఫలం కాలేదు. సతీష్ దావా నిలవదు.